నాన్న పోయాక ఆయన అప్పులు: ఏది కట్టాం, ఎందుకు కట్టాం

నాన్న 2024 ఆగస్టులో గుండెపోటుతో పోయారు. వయసు 57. గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో అకౌంట్స్ చూసేవారు. అప్పుల విషయం మాతో ఎప్పుడూ పెద్దగా మాట్లాడలేదు. ఇంటి లోన్ ఉందని అందరికీ తెలుసు. పర్సనల్ లోన్ ఉందని తమ్ముడికి తెలుసు. క్రెడిట్ కార్డు మీద అంత బాకీ ఉందని ఎవరికీ తెలియదు.

అన్నీ బయటికి తీస్తే మూడు బాకీలు తేలాయి. బ్యాంకులో హోమ్ లోన్ 10 లక్షల 2 వేలు. ఒక ఫైనాన్స్ కంపెనీలో పర్సనల్ లోన్, అసలు 2 లక్షల 18 వేలు. ఇంకో బ్యాంకు క్రెడిట్ కార్డు మీద 86 వేలు. ఇవన్నీ నాన్న పోయిన రోజు నాటి లెక్కలు. ఆ తేదీ నాటి లెక్క ఎందుకంత ముఖ్యమో తర్వాత తెలిసింది.

ఆయన వదిలి వెళ్ళినవి ఇవి. ఇల్లు అమ్మా నాన్నల పేరు మీద ఉంది, సగం సగం. మా ఏరియా ధరల ప్రకారం నాన్న సగం 20 లక్షలకు తక్కువ కాదు. సేవింగ్స్ ఖాతాలో 41 వేలు. మిల్లు తరఫున పీఎఫ్. పాత స్కూటర్ ఒకటి.

పెద్దకర్మ కూడా కాకముందే ఫైనాన్స్ కంపెనీ తరఫు మనిషి తమ్ముడికి ఫోన్ చేశాడు. లోన్ తీసుకున్నప్పుడు నాన్న రిఫరెన్స్‌గా వాడి నంబర్ ఇచ్చారట. "కొడుకు మీరే కదా సార్, తండ్రి అప్పు కొడుకే కదా తీర్చేది. మీ సిబిల్ పోతుంది, జాగ్రత్త" అన్నాడు. తమ్ముడు హడలిపోయాడు. వాడికి అప్పుడే కారు లోన్ కోసం అప్లై చేసే ఆలోచన ఉంది. "అక్కా, నా జీతంలోంచి కట్టేస్తాను, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. నేను హైదరాబాద్‌లో ఉంటాను కానీ కాగితాల పనంతా నా మీదే పడింది. రెండు రోజులు ఆగు అని చెప్పి, మా వీధిలో ఉండే లాయర్ గారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన మొదట అడిగింది అప్పు ఎంత అని కాదు. ఎవరెవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారు, నాన్న ఆస్తి ఎవరెవరి చేతికి వచ్చింది అని రెండే ప్రశ్నలు వేశారు. మిగతాదంతా ఈ రెండింటి మీదే ఆధారపడి ఉందన్నారు.

అప్పు కాగితం మీద కో-అప్లికెంట్‌గానో గ్యారంటర్‌గానో సంతకం పెట్టినవాళ్ళు ఆ అప్పుకు సొంతంగా బాధ్యులు. చనిపోయినవాళ్ళకి ఏం ఆస్తి ఉంది, ఏం లేదు అన్నదానితో వాళ్ళకి సంబంధం లేదు. వాళ్ళ జీతం, వాళ్ళ ఆస్తి అన్నీ ఆ అప్పుకు దొరుకుతాయి. సంతకం పెట్టని వారసులు మాత్రం చనిపోయిన వ్యక్తి ఆస్తిలోంచి తమ చేతికి ఎంత వచ్చిందో అంతవరకే బాధ్యులు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 50, 52 సెక్షన్లు చెప్పేది ఇదే. ఐదు లక్షల ఆస్తి వచ్చి ఎనిమిది లక్షల అప్పు ఉంటే ఐదు లక్షల వరకే. ఏమీ రాకపోతే ఏమీ లేదు. నామినీ అయినంత మాత్రాన కూడా అప్పు మీద పడదు.

మరి తండ్రి అప్పు కొడుకు తీర్చి తీరాలన్న మాట ఎక్కడిది? పాత హిందూ ధర్మశాస్త్రంలోది. కోర్టులు కూడా చాలాకాలం దాన్ని పాటించాయి. 2005లో హిందూ వారసత్వ చట్టానికి సవరణ వచ్చినప్పుడు దాన్ని తీసేశారు. ఆ సవరణ తర్వాత తండ్రి, తాత చేసిన అప్పుకు, కేవలం అది నీ ధర్మం అన్న కారణంతో కొడుకు మీదా మనవడి మీదా వసూలుకు వెళ్ళడం కుదరదు. ఫోన్ చేసిన కుర్రాడికి ఆ సవరణ గురించి తెలిసుండదు. తెలిసినా చెప్పడు.

సిబిల్ బెదిరింపు కూడా అంతే. ఆ లోన్ తమ్ముడి పాన్ మీద లేదు కాబట్టి వాడి రిపోర్టులో అది కనబడే అవకాశమే లేదు. కావాలంటే రిపోర్టు తీసి చూసుకోమన్నారు లాయర్ గారు. చూశాడు, లేదు. ఆ రాత్రి వాడు కొంచెం అన్నం తిన్నాడు.

అయితే "మీరేం కట్టక్కర్లేదు" అని మాత్రం ఆయన అనలేదు. నేను ఆశపడింది ఆ మాట కోసమే. "ఇంట్లో నాన్నగారి సగం ఉంది కదమ్మా" అన్నారు. ఆ సగానికి వారసులు నలుగురు: అమ్మ, నేను, తమ్ముడు, నాయనమ్మ. నాయనమ్మ పేరు విని నేను ఆశ్చర్యపోయాను. హిందూ వారసత్వ చట్టంలో కొడుకు చనిపోతే తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే, భార్యాపిల్లలతో సమానంగా. ఆ సగంలో నలుగురికీ నాలుగో వంతు చొప్పున వస్తుంది. కానీ ఆ వాటాలు అప్పులు పోనూ మిగిలిన ఆస్తిలోనే. ఫైనాన్స్ కంపెనీ కోర్టుకెళ్ళి డిక్రీ తెచ్చుకుంటే మా సొంత డబ్బు జోలికి రావడానికి వీల్లేదు గానీ, ఆ సగం ఇంటి మీదికి రావచ్చు. మేం ముందే అమ్మేసి డబ్బు పంచేసుకున్నా తప్పించుకోలేం. వచ్చిన ఆస్తిని ఏం చేశారో సరైన లెక్క చూపించలేకపోతే, ఆ మేరకు మా సొంత జేబులోంచి వసూలు చేయమని కూడా కోర్టు చెప్పగలదు.

మా ఆఫీసులో ఒకావిడ మామగారి కేసు దీనికి పూర్తిగా భిన్నం. అద్దె ఇల్లు, ఖాతాలో 11 వేలు, కార్డు మీద లక్షకు పైగా బాకీ. వాళ్ళు మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి, ఆయన పేరున ఏ ఆస్తీ లేదని ఉత్తరం రాశారు. ఖాతాలో ఉన్న ఆ 11 వేలు బ్యాంకే సర్దుకుంది. మిగతాది రైట్ ఆఫ్ చేశారు. కొడుకు పైసా కట్టలేదు, కట్టాల్సిన పనీ లేదు. అందుకే "వారసులు కట్టాలా?" అంటే ఒక ఇంటి జవాబు ఇంకో ఇంటికి సరిపోదు.

ఇక పని మొదలుపెట్టాం. ముందు మున్సిపల్ ఆఫీసు నుంచి మరణ ధ్రువీకరణ పత్రం ఒరిజినల్ కాపీలు కాస్త ఎక్కువే తీసుకున్నాం, ఎందుకంటే ప్రతి చోటా ఒరిజినల్ చూపించమంటారు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు సచివాలయంలో అప్లై చేశాం, తహసీల్దార్ ఆఫీసు నుంచి వచ్చింది. అందులో నాయనమ్మ పేరు కూడా ఉండేలా అప్లికేషన్లోనే రాయించాం.

ఈలోపు మా మావయ్య ఒక సలహా ఇచ్చారు: "ఏటీఎం కార్డు మీ దగ్గరే ఉంది కదా, బ్యాంకుకు చెప్పకముందే ఆ 41 వేలు తీసేసుకోండి." చాలా ఇళ్ళలో జరిగేది ఇదే. మేం చేయలేదు. మనిషి పోయిన తేదీ తర్వాత ఆయన కార్డుతో తీసిన ప్రతి రూపాయీ స్టేట్‌మెంట్లో తేదీతో సహా కనిపిస్తుంది. రేపు మిగతా వారసుల్లో ఎవరైనా అడిగినా, అప్పిచ్చినవాళ్ళు అడిగినా సమాధానం ఉండదు. తమ్ముడి దగ్గర నాన్న క్రెడిట్ కార్డుకు యాడ్-ఆన్ కార్డు ఒకటి ఉండేది. దాన్నీ ఆ రోజు నుంచి వాడడం మానేయమన్నాను.

మూడు చోట్లకీ ఒకే రకం ఉత్తరం రాశాను. ఈమెయిల్ పంపి, బ్రాంచిలో ఇచ్చి రిసీవ్డ్ స్టాంపు వేయించుకున్నాను. ఉత్తరంలో అసలు విషయం ఇంతే:

"ఫలానా లోన్ నంబరు గల మా నాన్నగారు ఫలానా తేదీన మరణించారు. మరణ ధ్రువీకరణ పత్రం జతచేస్తున్నాను. ఖాతా నుంచి ఆటో డెబిట్ ఆపండి. మరణించిన తేదీ నాటికి ఉన్న బాకీ స్టేట్‌మెంట్, లోన్ అగ్రిమెంట్ కాపీ, ఈ లోన్ మీద ఇన్సూరెన్స్ ఉంటే దాని వివరాలు ఇవ్వండి. నేను ఈ లోన్‌కు కో-అప్లికెంట్‌ను గానీ గ్యారంటర్‌ను గానీ కాను. ఇకపై ఈ విషయమై ఏదైనా రాతపూర్వకంగానే తెలియజేయండి."

హోమ్ లోన్ ఉత్తరంలో మాత్రం ఆ చివరి ముక్కలు మార్చాను. ఎందుకంటే అక్కడ అమ్మ కో-అప్లికెంట్. అమ్మకు సంపాదన లేదు. ఇల్లు ఇద్దరి పేరున ఉంది కాబట్టి బ్యాంకు ఆమెతోనూ సంతకం పెట్టించుకుంది. దాని అర్థం సగం అప్పుకు బాధ్యురాలని కాదు, మొత్తానికి. నాన్న ఖాతా ఆగిపోయింది కాబట్టి అందులోంచి వెళ్ళే 16,700 రూపాయల ఈఎంఐ కూడా ఆగిపోయింది. అది బౌన్స్ అయితే పెనాల్టీ పడుతుంది, అమ్మ పేరు మీద సిబిల్ రికార్డూ పాడవుతుంది. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. ఆ తర్వాత బ్యాంకు సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి ఇంటిని స్వాధీనం చేసుకునే దారి పడుతుంది. అందుకని తమ్ముడు తన ఖాతా నుంచి నేరుగా లోన్ ఖాతాకు ఈఎంఐ కట్టడం మొదలుపెట్టాడు. మూడు అప్పుల్లో ఒక్క నెల కూడా ఆపకుండా కట్టింది ఇదొక్కటే.

ఈ లోన్‌కి ఇన్సూరెన్స్ ఉందని మాకు తెలియదు. బ్రాంచి వాళ్ళు కూడా తమంతట తాము చెప్పలేదు. నేను 2015 నుంచి లోన్ స్టేట్‌మెంట్ ప్రింట్ తీసుకుని మొదటి పేజీ చూస్తే, లోన్ ఇచ్చిన నెలలోనే 46 వేలు ఇన్సూరెన్స్ ప్రీమియం అని ఒక లైను ఉంది. ఆ ప్రీమియాన్ని కూడా లోన్‌లోనే కలిపేశారు. నాన్న తొమ్మిదేళ్ళుగా దానికి కూడా వడ్డీ కడుతున్నారన్నమాట. ఆ ప్రింటవుట్ మీద ఆ లైనుకి పెన్నుతో గుండ్రం చుట్టి మేనేజర్ గారి ముందు పెట్టాను. అప్పుడు ఫైలు తెప్పించారు. లోపల గ్రూప్ పాలసీ సర్టిఫికెట్ ఉంది, అప్పు తీసుకున్న మనిషి పోతే మిగిలిన బాకీ బీమా కంపెనీ కట్టేట్టు. ఎవరింట్లోనైనా ఇలా జరిగితే సంతాపానికి వచ్చిన వాళ్ళందరి సలహాల కంటే ముందు ఆ మొదటి పేజీ చూడమని చెప్తాను. పర్సనల్ లోన్లకు కూడా చాలాసార్లు ఇలాగే ప్రీమియం కోసుకునే డబ్బు ఇస్తారు. నాన్న పర్సనల్ లోన్‌కి మాత్రం లేదు, అదీ స్టేట్‌మెంట్ చూసే నిర్ధారించుకున్నాం.

క్లెయిమ్ విషయంలో ఇంకో టెన్షన్ పట్టుకుంది. నాన్నకి షుగర్ ఉంది. పాలసీ తీసుకున్నప్పుడు ఫారంలో ఆ ముక్క రాశారో లేదో ఎవరికీ తెలియదు, బహుశా బ్యాంకు వాళ్ళు నింపిస్తే సంతకం పెట్టి ఉంటారు. దాచారంటూ క్లెయిమ్ తిప్పికొడతారేమో అని భయపడ్డాం. ఇన్సూరెన్స్ చట్టం 45వ సెక్షన్ ప్రకారం జీవిత బీమా పాలసీ మొదలై మూడేళ్ళు దాటితే ఏ కారణం మీదా దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదు. మాది తొమ్మిదేళ్ళ పాలసీ. ఆసుపత్రి కాగితాలు, డాక్టర్ సర్టిఫికెట్, మిల్లు నుంచి లెటర్ అడిగారు, ఇచ్చాం. షుగర్ మాటే రాలేదు.

డబ్బు వచ్చింది, కానీ 10 లక్షల 2 వేలు కాదు, 9 లక్షల 10 వేలే. మేనేజర్ గారు పాలసీ వెనకాల ఉన్న పట్టిక చూపించి వివరించాక అర్థమైంది. ఇలాంటి పాలసీలో కవర్ ఏడాదికేడాది తగ్గుతూ వస్తుంది. అయితే అది తగ్గేది మన అసలు బాకీని బట్టి కాదు, లోన్ ఇచ్చిన రోజున వేసిన లెక్క ప్రకారం. 2020లో కరోనా అప్పుడు నాన్నకి సగం జీతం వచ్చింది, ఆర్నెల్లు ఈఎంఐలు వాయిదా వేసే మారటోరియం పెట్టుకున్నారు. ఆ ఆర్నెల్ల వడ్డీ బాకీలో కలిసింది. 2022లో వడ్డీ రేట్లు పెరిగినప్పుడు బ్యాంకు ఈఎంఐ పెంచకుండా గడువు పొడిగించింది. నిజం బాకీ నెమ్మదిగా తగ్గింది, పట్టికలో కవర్ మాత్రం తన దారిన తగ్గిపోయింది. తేడా 92 వేలు. తమ్ముడు ఈలోపు కట్టిన ఈఎంఐలు అందులో కొంత తగ్గించాయి, మిగతాది ఒకేసారి కట్టి లోన్ మూసేశాం. ఇన్సూరెన్స్ ఉంది కదా అని ఈఎంఐలు ఆపేసి ఉంటే ఆ గ్యాప్ ఇంకా పెరిగేది.

క్రెడిట్ కార్డు దగ్గర వేరే కథ. నాన్న సేవింగ్స్ ఖాతా, కార్డు రెండూ ఒకే బ్యాంకులో. ఖాతాకు అమ్మ నామినీ. 41 వేలు అమ్మకి వస్తాయనుకుని క్లెయిమ్ ఫారం ఇస్తే, ముందు కార్డు బాకీకి సర్దుకుంటామన్నారు. ఇది వినగానే తమ్ముడికి కోపం వచ్చింది, "నామినీకి ఇవ్వాల్సిన డబ్బు వీళ్ళెలా తీసుకుంటారు?" అని. కానీ బ్యాంకుకు ఆ హక్కు ఉంది. ఒకే మనిషి బాకీ, ఒకే మనిషి డిపాజిట్, రెండూ ఒకే బ్యాంకులో ఉంటే సర్దుకోవచ్చు. కార్డు అగ్రిమెంట్లో కూడా ఆ మాట రాసి ఉంటుంది. నామినీ అంటే డబ్బు తీసుకోవడానికి అధికారం ఉన్న మనిషి, అంతేగానీ అప్పులకు అతీతంగా యజమాని కాదు. దాని మీద మేం పోట్లాడలేదు.

పోట్లాడింది వేరేదాని మీద. ఆ 86 వేల బాకీ మేం వెళ్ళేసరికి 97 వేలు చూపిస్తోంది. నాన్న పోయాక కూడా వడ్డీ, లేట్ ఫీజు, ఇంకా వార్షిక ఫీజు కూడా వేశారు. చనిపోయిన మనిషికి కార్డు రెన్యూవల్ ఫీజు! మరణ తేదీ తర్వాత పడ్డవన్నీ తీసేయాలని నోడల్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాను. ఇక్కడ ఆ తేదీ నాటి లెక్క అవసరమైంది. 86 వేలకి తగ్గించారు. 41 వేలు సర్దుకోగా మిగిలిన 45 వేలు కట్టి, కార్డు మూసేసినట్టు, బాకీ లేదన్నట్టు లెటర్ తీసుకున్నాం.

ఫైనాన్స్ కంపెనీ మాత్రం సతాయించింది. ఉత్తరం ఇచ్చాక కూడా ఫోన్లు ఆగలేదు. ఒకసారి రాత్రి ఎనిమిదిన్నరకి అమ్మకే చేశారు. "పీఎఫ్ డబ్బులు వచ్చాయి కదమ్మా, అవి ఉంచుకుని అప్పు ఎగ్గొడతారా" అన్నాడట. వాళ్ళకి నాన్న మిల్లు పేరు తెలుసు, జీతం తెలుసు, పీఎఫ్ ఎంత ఉంటుందో లెక్కేసుకున్నారు.

పీఎఫ్ గురించి అప్పటికే అడిగి తెలుసుకున్నాం. 1952 నాటి ఈపీఎఫ్ చట్టం 10వ సెక్షన్ ప్రకారం సభ్యుడు చనిపోతే ఆ డబ్బు నామినీకి చెందుతుంది, చనిపోయిన వ్యక్తి అప్పులేవీ దానికి అంటవు. పర్సనల్ లోన్ ఇచ్చినవాళ్ళు డిక్రీ తెచ్చుకున్నా దాన్ని ముట్టుకోలేరు. బ్యాంకు ఖాతాలోని 41 వేలకీ, పీఎఫ్ డబ్బుకీ తేడా ఇదే. రెండింటికీ అమ్మే నామినీ, కానీ ఒకటి బాకీకి పోయింది, ఒకటి పూర్తిగా అమ్మకి వచ్చింది. పీఎఫ్‌తో పాటు ఈడీఎల్ఐ అని బీమా కూడా ఉంటుంది, ఉద్యోగంలో ఉండగా పోతే వస్తుంది, అర్హతను బట్టి గరిష్ఠంగా 7 లక్షల వరకు. ఇది చాలామందికి తెలియదు. మిల్లు ఆఫీసులో ఒకాయన పీఎఫ్, పెన్షన్, ఈడీఎల్ఐ మూడూ కలిపి ఫారాలు నింపించారు. ఆ డబ్బు అమ్మ పేరున, నాన్న ఖాతాలున్న బ్యాంకుల్లో కాకుండా వేరే బ్యాంకు కొత్త ఖాతాలో వేయించాం.

రాత్రి ఫోన్ సంగతి మాత్రం వదల్లేదు. 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. కుటుంబ సభ్యుల్ని, రిఫరెన్సుల్ని వేధించకూడదు. ఇది ఫైనాన్స్ కంపెనీలకీ వర్తిస్తుంది. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ పెట్టి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాశాను. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఫిర్యాదు చేస్తామని కూడా రాశాను. అంతవరకూ వెళ్ళే అవసరం రాలేదు. అమ్మకి ఫోన్లు ఆగిపోయాయి.

తర్వాత ఇంటికి ఒక పెద్దమనిషి వచ్చాడు, మర్యాదగానే మాట్లాడాడు. "అసలుకే సెటిల్ చేయిస్తాను, మీ తమ్ముడు ఈ చిన్న లెటర్ మీద సంతకం పెడితే చాలు" అన్నాడు. తమ్ముడు దాని ఫొటో నాకు పంపాడు. చట్టబద్ధ వారసుడిగా ఈ అప్పును నేను తీరుస్తానని ఒప్పుకుంటున్నాను అన్న మాట, కింద తమ్ముడి పాన్ నంబర్, ఖాతా వివరాలు, నెలనెలా డెబిట్‌కి అనుమతి. ఈ కథంతటిలో అసలైన ఉచ్చు ఇదే. సంతకం పెట్టనంతవరకు తమ్ముడి బాధ్యత నాన్న ఆస్తి వరకే. పెడితే వాడి సొంత వాగ్దానం అవుతుంది, ఇక ఆస్తి ఎంత అన్న ప్రశ్నే ఉండదు. లాయర్ గారు ఫోన్‌లోనే "ముట్టుకోవద్దు" అన్నారు. సంతకం గానీ, ఖాళీ చెక్కు గానీ, చివరికి "వెయ్యి రూపాయలైనా కట్టండి" అంటే అది కూడా ఇవ్వద్దన్నారు. ఇలాంటి అప్పు మీద కోర్టుకెళ్ళడానికి మామూలుగా మూడేళ్ళ గడువు ఉంటుంది. బాకీ ఒప్పుకుంటూ రాసిచ్చినా, కొంత కట్టినా ఆ గడువు మళ్ళీ మొదటి నుంచి లెక్కకి వచ్చే వీలుంది.

మూడేళ్ళు గడిచేదాకా ఊరుకోవచ్చు కదా అని మావయ్య అన్నారు. ఆ మాట మేమూ ఆలోచించాం. కానీ ఇంట్లో నాన్న వాటా ఉంది. కేసు వేస్తే నాయనమ్మతో సహా నలుగురికీ సమన్లు వస్తాయి. 80 దాటిన మనిషి పేరున కోర్టు కాగితం ఇంటికి రావడం నాకు ఇష్టం లేదు. పైగా ఆస్తి తీసుకుని అప్పు వద్దనడం సబబుగా అనిపించలేదు. ఆస్తే లేకపోతే ఒక్క రూపాయి కూడా కట్టేవాళ్ళం కాదు, ఆ విషయంలో నాకు ఏ మొహమాటమూ లేదు.

కంపెనీ 2025 జనవరి నాటికి 2 లక్షల 71 వేలు అడుగుతోంది. మేం నాన్న పోయిన రోజున ఉన్న అసలు 2 లక్షల 18 వేలు ఒకేసారి ఇస్తాం, వడ్డీ, పెనాల్టీ ఇవ్వం అని రాశాం. వ్యక్తిగత బాధ్యత ఏదీ ఒప్పుకోకుండా, నాన్నగారి ఆస్తి తరఫున మాత్రమే కడుతున్నామని అందులో స్పష్టంగా పెట్టాం, ఆ వాక్యం లాయర్ గారే రాశారు. మొదట కుదరదన్నారు, కొంచెం తగ్గిస్తామన్నారు, చివరికి ఒప్పుకున్నారు. తాకట్టు లేని అప్పు మీద నలుగురు వారసుల మీద కేసు నడపడం వాళ్ళకీ ఖర్చే.

ఒప్పుకున్నామని ఫోన్‌లో చెప్పగానే డబ్బు ఏజెంట్ ఇచ్చిన యూపీఐకి వేయమన్నాడు. వేయలేదు. ముందు కంపెనీ లెటర్‌హెడ్ మీద సెటిల్‌మెంట్ లెటర్ అడిగాం. అందులో లోన్ నంబరు, మొత్తం, ఆఖరి తేదీ, ఇది కట్టాక వారసుల మీద ఇక ఏ క్లెయిమూ ఉండదన్న మాట ఉండాలన్నాం. అది కంపెనీ అధికారిక మెయిల్ నుంచి వచ్చాక, లోన్ ఖాతాకే బ్యాంకు ద్వారా కట్టాం. నో డ్యూస్ లెటర్ తర్వాత వచ్చింది.

ఒక చేబదులు కూడా ఉంది. నాన్న స్నేహితుడొకాయన సంవత్సరీకం దాకా ఆగి, 30 వేలు ఇచ్చానని చెప్పారు. ప్రోనోటు లేదు, సాక్షి లేదు. అమ్మ ఏమీ అడగకుండా ఇచ్చేసింది. అది కోర్టు లెక్కల్లోకి రాదు, ఇక్కడ కూడా కలపను.

అన్నీ కలిపి 13 లక్షల 6 వేల బాకీలో బీమా 9 లక్షల 10 వేలు తీర్చింది, నాన్న సొంత ఖాతా 41 వేలు తీర్చింది, మేం కట్టింది దాదాపు 3 లక్షల 55 వేలు. నేనూ తమ్ముడూ చెరిసగం వేసుకున్నాం. అమ్మ పీఎఫ్ ముట్టుకోలేదు.

ఇక మిగిలింది ఇంటి కాగితాలు. లోన్ తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ డాక్యుమెంట్లు తిరిగివ్వాలని, ఆలస్యం బ్యాంకుదే అయితే రోజుకి 5 వేల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబర్లో చెప్పింది. అప్పు తీసుకున్నవాళ్ళు చనిపోతే వారసులకి ఎలా ఇస్తారో కూడా బ్యాంకు ముందే పద్ధతి పెట్టుకోవాలి. మాకు గడువులోనే ఇచ్చారు, నలుగురు వారసుల సంతకాలతో ఒక అర్జీ తీసుకుని. నాయనమ్మ బ్యాంకుకి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, నెమ్మదిగా తన పూర్తి పేరు రాసింది. డాక్యుమెంట్లు చేతికొచ్చినా పని అయిపోలేదు. తాకట్టు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయి ఉంది. బ్యాంకు నుంచి దాన్ని రద్దు చేసే రసీదు రాయించి రిజిస్టర్ చేయించకపోతే ఆస్తి మీద తాకట్టులు చూపించే ఈసీలో ఆ అప్పు ఉన్నట్టే కనిపిస్తూ ఉంటుంది. అది చేయించి, కొత్త ఈసీ తీసి చూసుకున్నాకే అమ్మ ఆ కాగితాల్ని బీరువాలో పెట్టింది.